మెంటర్ కార్యక్రమం వల్ల పిల్లలకు మేలు జరిగిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

బడి మానేసే ప్రమాదంలో ఉన్న పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో మెంటర్‌ను తోడుగా పెట్టి ఏడాది పాటు కార్యక్రమం నడిపిన పూర్వ విద్యార్థి సంఘాలవారు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సేవకులు ఏడాది చివర తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఫలితం వచ్చిందని చూపించడం ఎలా?" ఫలితాన్ని చూపించాలంటే ముందు అది వచ్చిందో లేదో నిజాయితీగా తెలుసుకోవాలి. ఆ ఏర్పాటు కార్యక్రమం మొదలయ్యే ముందే జరగాలి. ఏడాది పూర్తయ్యాక లెక్కకు కూర్చుంటే సగం సమాచారం దొరకదు, దొరికిన సగం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఈ వివరణ అంతా ప్రకాశం జిల్లాలోని ఒక పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాశాను. కొండపి, టంగుటూరు ప్రాంతాల్లో సంక్రాంతి వెళ్లేసరికి పొగాకు ఆకు కోతలు, ఆ ఆకును ఆరబెట్టే బ్యారన్ల పని ముమ్మరమవుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొందరు ఆ పనికి వెళ్తారు, మరికొందరు తల్లిదండ్రులు పనికి వెళ్లినందువల్ల ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకుంటూ ఉండిపోతారు. మార్చి వరకు ఇలా గడిచాక చాలామంది తిరిగి బడికి వస్తారు, కొందరు ఇక రారు. మెంటర్ కార్యక్రమం ఆపవలసింది ఆ చివరి మాటనే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల గానీ, నెల్లూరు జిల్లా రొయ్యల చెరువుల దగ్గర గానీ పనిచేసేవారు తమ ప్రాంతంలో పని ఎక్కువగా ఉండే నెలలను బట్టి తేదీలు మార్చుకుంటే సరిపోతుంది.

కావలసినవి

మండల విద్యాశాఖాధికారి, ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అనుమతి. ప్రతి పిల్లవాడి తల్లి లేదా తండ్రి సంతకం, పిల్లవాడి సొంత అంగీకారం. కిందటి ఏడాది హాజరు పట్టిక నకలు. పేర్లకు బదులు సంకేత సంఖ్యలు రాసుకునే ఒక రిజిస్టరు. ఎక్సెల్ వంటి పట్టిక ఉన్న ఒక కంప్యూటరు. వీటన్నిటికంటే ముఖ్యంగా, మెంటర్ కాని మనిషి ఒకరు కావాలి. కొలతలు తీసుకోవలసింది ఆ మనిషే. పిల్లలకు తోడుగా ఉన్నవారే "నీకు నా వల్ల మేలు జరిగిందా?" అని అడిగితే ఏ పిల్లవాడైనా అవుననే చెబుతాడు.

1. మూడే మూడు ఫలిత సూచికలు ఎంచుకోండి, ఒక్కొక్కదాన్నీ ఒకే వాక్యంలో రాయండి

"పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెరగడం", "చదువుపై ఆసక్తి కలగడం" వంటివి కోరికలే గాని సూచికలు కావు. ఎవరిని, దేన్ని, ఏ ఆధారంతో, ఎప్పుడు కొలుస్తారో చెబితేనే అది సూచిక అవుతుంది. ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కించినా ఒకే అంకె రావాలి. మన ఉదాహరణకు నేను ఎంచుకునే మూడు ఇవి.

మొదటిది హాజరు: తొమ్మిదో తరగతిలో జనవరి నుంచి మార్చి వరకు బడి పనిచేసిన రోజుల్లో పిల్లవాడు హాజరైన రోజుల శాతం. సెలవులు లెక్కలోకి రావు. ఏడాది మొత్తం సగటు తీసుకుంటే జూలై, ఆగస్టు నెలల మంచి హాజరు కింద అసలు సమస్య కప్పబడిపోతుంది కాబట్టి ఈ మూడు నెలలనే తీసుకుంటున్నాను.

రెండోది కొనసాగింపు: మరుసటి ఏడాది జూలై 31 నాటికి పదో తరగతిలో పేరు ఉండి, ఆ నెలలో కనీసం సగం పనిదినాలు బడికి వచ్చాడా లేదా. పేరు ఉండడం ఒక్కటే చాలదు. బడికి రాని పిల్లల పేర్లు కూడా నెలల తరబడి పట్టికలో ఉంటాయి.

మూడోది బడి వేళల్లో పని: గడిచిన నాలుగు వారాల్లో బడి ఉన్న రోజున కూలికి గానీ ఇంటి పనికి గానీ వెళ్లి బడి మానిన రోజులు ఎన్ని. దీన్ని మార్చి చివరి వారంలో పిల్లవాణ్ని విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఇంటి పనిని కూడా చేర్చకపోతే ఆడపిల్లల విషయం లెక్కకు అందదు.

మెంటర్ ఎన్నిసార్లు కలిశారు, ఎన్ని నెలలు కొనసాగారు అన్నవి తప్పకుండా రాసుకోవలసినవే అయినా, అవి చేసిన పనికి కొలతలు మాత్రమే. నివేదికల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. "ఏడాదిలో వెయ్యి సమావేశాలు జరిపాం" అన్న వాక్యం పిల్లలకు ఏం జరిగిందో చెప్పదు.

2. హాని జరిగిందేమో చూసే కొలతను కూడా చేర్చండి

మంచి ఉద్దేశంతో చేసిన పని హాని చేయదన్న నమ్మకం ఈ రంగంలో చాలా బలంగా ఉంది. అది నిజం కాదని చెప్పే ఆధారం పాతదే. అమెరికాలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో బాలురు నేరాల వైపు వెళ్లకుండా ఆపేందుకు 1939లో ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. ఒకే రకమైన పరిస్థితుల్లో ఉన్న బాలురను జంటలుగా చేర్చి, నాణెం ఎగరేసి, ప్రతి జంటలో ఒకరికి సలహాదారును ఇచ్చారు. చివరివరకు లెక్కలో ఉన్నవారు 506 మంది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వారిని వెతికి పట్టుకుని అడిగితే, సహాయం పొందినవారిలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు ఉపయోగపడిందనే చెప్పారు. కానీ రికార్డులు చూస్తే, మళ్లీ నేరం చేయడంలోనూ మద్యానికి బానిసవడంలోనూ సహాయం పొందినవారి పరిస్థితే పొందనివారి కంటే అధ్వానంగా ఉన్నట్లు 1978లో ఆమె ప్రకటించారు. పోలిక జట్టు లేకుండా పిల్లల అభిప్రాయాలు మాత్రమే సేకరించి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

మెంటర్ మధ్యలో వదిలేయడం వల్ల కలిగే హాని ఇంకా సూటిగా కనిపిస్తుంది. అమెరికాలోనే మరో పెద్ద మెంటర్ కార్యక్రమం సమాచారాన్ని గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు 2002లో తిరిగి పరిశీలించి, ఏడాది, అంతకు మించి తోడు కొనసాగిన పిల్లలకు ఎక్కువ మేలు కలిగిందని, మూడు నెలల్లోపే తోడు తెగిపోయిన పిల్లల్లో తమ మీద తమకున్న గౌరవం తగ్గిందని చూపారు. ఇంట్లో ఒకరిని కోల్పోయిన పిల్లవాడికి కొత్తగా వచ్చిన మనిషి కూడా చెప్పకుండా మానేస్తే ఏమనిపిస్తుందో మనకు తెలియనిది కాదు.

కాబట్టి మూడు నెలల్లోపు తెగిపోయిన జోడీలు ఎన్ని, ఎందుకు తెగిపోయాయి అన్నదాన్ని నాలుగో సూచికగా రాసుకోండి. కారణం "వ్యక్తిగతం" అని రాసి వదలకండి. మెంటర్‌కు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందా, పిల్లవాడి కుటుంబం వలస వెళ్లిందా, పిల్లవాడే వద్దన్నాడా అన్నది తెలిస్తేనే వచ్చే ఏడాది మెంటర్లను ఎలా ఎంచుకోవాలో తెలుస్తుంది.

హెచ్చరిక: "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని కొలతలు తీసుకునేవారు గానీ మెంటర్లు గానీ పిల్లలకు మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పెళ్లి ప్రయత్నాలు జరుగుతున్నాయని తెలిసినా, కొడుతున్నారని తెలిసినా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం చెప్పవలసిన వారికి చెబుతాను" అన్న మాట మొదటి రోజే పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పండి.

3. పిల్లల జాబితా ముందు, చీట్లు తర్వాత

మెంటర్లు సాధారణంగా పిల్లల సంఖ్యలో సగం మందే దొరుకుతారు. ఆ కొరతనే పోలికకు వాడుకోవచ్చు. ఏప్రిల్‌లో ఎనిమిదో తరగతి హాజరు పట్టిక తీసుకుని, జనవరి నుంచి మార్చి వరకు హాజరు 80 శాతం కంటే తక్కువ ఉన్నవారందరినీ జాబితాలో రాయండి. జూన్‌లో బడులు తెరిచాక అంగీకార పత్రాలు తీసుకుని, ప్రధానోపాధ్యాయుని సమక్షంలో బడి వారీగా చీట్లు తీయండి. సగం మందికి జూలైలో మెంటర్ వస్తారు. మిగిలిన సగం మంది వేచి ఉండే జాబితాలో ఉండి, మరుసటి జూలై కొలతలు ముగిశాక ఆగస్టులో మెంటర్‌ను పొందుతారు. ఆ నెల ఏదో తల్లిదండ్రులకు ముందే చెప్పండి, చెప్పిన మాట నిలబెట్టుకోండి.

"అవసరం ఎక్కువున్న పిల్లవాణ్ని చీటీకి వదిలేయడం న్యాయమా?" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది. అది సరైన ప్రశ్నే. పెళ్లి నిశ్చయమవుతున్న అమ్మాయి, ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లవాడు వంటి వారిని చీట్లలో పెట్టకండి. వారికి వెంటనే సహాయం అందించి, రెండు జట్ల లెక్కల్లోంచీ తీసేయండి. మిగిలినవారి విషయంలో మాత్రం ఎవరికి ఎక్కువ అవసరమో మనకు తెలుసని అనుకోవడం కంటే చీటీయే న్యాయం.

చీట్లు వద్దనుకుని ఉపాధ్యాయుల చేత ఎంపిక చేయిస్తే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు మాట వినే పిల్లల్ని పంపుతారు. వారు మెంటర్ లేకపోయినా బాగుపడేవారే. మరికొందరు ఆ ఏడాది బాగా వెనకబడినవారిని పంపుతారు. జ్వరం వల్లనో, తల్లి ఆసుపత్రిలో ఉండడం వల్లనో ఒక ఏడాది హాజరు బాగా పడిపోయిన పిల్లవాడు మరుసటి ఏడాది తనంతట తానే కొంత కోలుకుంటాడు, ఆ ఘనత కార్యక్రమం ఖాతాలో పడుతుంది.

ప్రత్యామ్నాయం: చీట్లకు బడి ఒప్పుకోకపోతే, కార్యక్రమం లేని పక్క మండలంలో ఇదే రకమైన హాజరు ఉన్న పిల్లలతో పోల్చవచ్చు. కానీ రెండు చోట్లా పొగాకు సాగు, రవాణా సౌకర్యం దాదాపు ఒకేలా ఉండాలి. అప్పుడు కూడా నివేదికలో ఫలితాన్ని కొంత జంకుతూనే చెప్పాలి.

4. మొదటి కొలతను మెంటర్ రాకముందే తీసుకోండి

ఎనిమిదో తరగతి జనవరి నుంచి మార్చి వరకు హాజరు మీ మొదటి కొలత, తొమ్మిదో తరగతిలో అవే నెలల హాజరు రెండో కొలత. జూలై హాజరును మార్చి హాజరుతో పోల్చడం పెద్ద తప్పు. బ్యారన్ల కాలంలో అందరి హాజరూ పడిపోతుంది కాబట్టి ఎంత మంచి కార్యక్రమమైనా విఫలమైనట్లే కనిపిస్తుంది.

పట్టికలోని హాజరును గుడ్డిగా నమ్మకండి. నెలకు రెండుసార్లు, ముందుగా చెప్పకుండా, మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్‌లో తరగతికి వెళ్లి జాబితాలోని పిల్లల్లో ఎవరున్నారో చూసి, ఆ రోజు పట్టికతో సరిపోల్చండి. ఒక బడిలో తేడా తరచుగా వస్తుంటే ఆ బడి హాజరు అంకెలను వాడకుండా, మీరు స్వయంగా లెక్కించిన రోజులనే ఆధారంగా తీసుకోండి. ఈ నియమం రెండు జట్లకూ ఒకేలా వర్తించాలి.

5. కనిపించకుండా పోయిన పిల్లల గురించి నియమాన్ని ముందే రాసిపెట్టుకోండి

బడి మానేసిన పిల్లవాడి హాజరు సున్నా. టీసీ తీసుకుని వేరే బడిలో చేరితే ఆ బడి నుంచి హాజరు తెప్పించాలి. కుటుంబంతో వలస వెళ్లి, రెండు నెలలు ఫోన్లు చేసినా జాడ తెలియకపోతే "తెలియదు" అని రాసి, రెండు జట్లలో అలాంటివారు ఎందరో నివేదికలో చెప్పాలి. ఒక జట్టులో ఒకరు, మరో జట్టులో ఆరుగురు జాడ లేకుండా పోతే మిగిలిన అంకెలన్నీ అనుమానించవలసినవే. ఫలితాలు చూశాక ఈ నియమాలు రాసుకుంటే, తెలియకుండానే మనకు నచ్చిన వైపు మొగ్గుతాం.

6. లెక్క చేయండి: ఒక ఊహా ఉదాహరణ

ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను కల్పించినవి. నాలుగు బడుల్లో వరుసగా 16, 14, 18, 12 మంది పిల్లలు, మొత్తం 60 మంది ఉన్నారనుకోండి. బడి వారీగా చీట్లు తీయగా 30 మందికి మెంటర్ వచ్చారు, 30 మంది వేచి ఉన్నారు.

మెంటర్ ఉన్న జట్టు సగటు హాజరు 71 శాతం నుంచి 68కి తగ్గింది. మొదటి చూపులో ఇది వైఫల్యం. కానీ వేచి ఉన్న జట్టు 70 నుంచి 59కి పడిపోయింది. అంటే ఒక జట్టు 3 పాయింట్లు తగ్గితే, రెండోది 11 పాయింట్లు తగ్గింది. కార్యక్రమం వల్ల వచ్చిన తేడా 8 పాయింట్లు. హాజరు పెరగలేదు, పడిపోకుండా చాలావరకు ఆగింది. నివేదికలో కూడా ఈ మాటనే రాయాలి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు చూడండి. ఆ 30 జోడీల్లో 18 ఏడాదంతా నిలిచాయి, 12 మధ్యలో తెగిపోయాయి. "కార్యక్రమం పూర్తిచేసినవారు" అంటూ ఆ 18 మందినే తీసుకుంటే వారి హాజరు 79 శాతం. దాన్ని వేచి ఉన్నవారి 59తో పోల్చి 20 పాయింట్ల మేలు అని ప్రకటించేస్తారు. కానీ ఆ 18 మంది హాజరు మొదట్లోనే 78 శాతం. ఎక్కువ సమస్యల్లో ఉన్న పిల్లల జోడీలే ముందు తెగిపోతాయి కాబట్టి, మిగిలినవారు ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తారు. తెగిపోయిన 12 మంది 60.5 శాతం నుంచి 51.5కి పడిపోయారు. కార్యక్రమం ఎవరి కోసమో ఆ పిల్లలనే లెక్కలోంచి తీసేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే పొరపాటు. చీటీలో పేరు వచ్చిన ప్రతి పిల్లవాడూ, మెంటర్ ఒక్కసారి కూడా కలవకపోయినా సరే, మెంటర్ జట్టులోనే లెక్కకు రావాలి.

కంప్యూటర్ పట్టికలో మొదటి అడ్డు వరుసను శీర్షికలకు వదిలి, A నిలువు వరుసలో సంకేత సంఖ్య, B వరుసలో జట్టు (మెంటర్ ఉంటే M, వేచి ఉంటే W), C వరుసలో మొదటి హాజరు, D వరుసలో రెండో హాజరు రాయండి. E2 గడిలో మొదటి సూత్రం రాసి కింది వరకు లాగండి, తేడా కోసం ఖాళీ గడిలో రెండో సూత్రం రాయండి.

```
=IF(ISNUMBER(D2),D2-C2,"")
=AVERAGEIF(B2:B61,"M",E2:E61)-AVERAGEIF(B2:B61,"W",E2:E61)
```

మన ఉదాహరణలో రెండో సూత్రం 8 చూపిస్తుంది. అంకె మరీ విచిత్రంగా వస్తే B వరుసలో అక్షరానికి ముందో వెనకో ఖాళీ పడిందేమో, హాజరును ఒకచోట శాతంగా, మరోచోట రోజులుగా రాశారేమో చూడండి.

7. ఆ తేడా చీట్ల అదృష్టం వల్ల వచ్చిందేమో పరీక్షించండి

అరవై మందే ఉన్నప్పుడు బలమైన పిల్లలు అనుకోకుండా ఒకవైపు ఎక్కువగా చేరి ఉండవచ్చు. దీన్ని పరీక్షించడానికి గణితశాస్త్రం చదవనక్కర్లేదు. ప్రతి పిల్లవాడి హాజరు మార్పును ఒక చీటీ మీద రాసి, బడి వారీగా కుప్పలు పెట్టి, ప్రతి కుప్పనూ కలిపేసి సగం ఎడమవైపు, సగం కుడివైపు పంచండి. రెండు వైపుల సగటుల తేడా రాసుకోండి. దీన్ని వందసార్లు చేయండి. ఓపికగల నలుగురు యువకులకు ఒక ఆదివారం పని. ఈ ఉత్తుత్తి పంపకాల్లో 8 పాయింట్లు, అంతకు మించిన తేడా, ఎటువైపైనా సరే, అయిదుసార్లకు మించి రాకపోతే మీ తేడా కేవలం అదృష్టం కాదని కొంత ధైర్యంగా చెప్పవచ్చు. ఇరవై ముప్పై సార్లు వస్తే చెప్పకూడదు.

రెండో సూచికకు వద్దాం. మెంటర్ జట్టులో 27 మంది, వేచి ఉన్న జట్టులో 23 మంది పదో తరగతిలో కొనసాగారనుకోండి. నలుగురు పిల్లలు ఎక్కువగా నిలబడ్డారంటే మనసుకు ఎంతో సంతోషంగా ఉంటుంది. కానీ పై పరీక్ష పెడితే ఇంత తేడా పదిసార్లలో దాదాపు మూడుసార్లు ఉత్త అదృష్టం వల్లే వస్తుంది. కాబట్టి ఈ సూచికలో "మంచి వైపే ఉంది, ఇంకా తేలలేదు" అని రాయాలి. వచ్చే ఏడాది బ్యాచ్‌ను ఇదే పద్ధతిలో నడిపి రెండేళ్ల పిల్లల్ని కలిపి చూస్తే అప్పుడు తేలవచ్చు. అందుకే సూచికల నిర్వచనాలను ఏటా మార్చకండి.

8. నివేదిక రాసేటప్పుడు

మూడు సూచికలనూ, తెగిపోయిన జోడీల సంఖ్యనూ మొదటి పేజీలోనే పెట్టండి. ఫలితం రాని సూచికను చివరి పేజీకి నెట్టకండి. వేచి ఉన్న జట్టులోని పిల్లలకు మెంటర్లు అనధికారికంగా సహాయం చేశారేమో అడిగి తెలుసుకోండి. ఒకే వీధిలో ఉండే ఇద్దరు స్నేహితుల్లో ఒకరికి చదువు చెబుతుంటే రెండోవాడు కూడా వచ్చి కూర్చోవడం సహజం, అతన్ని పంపించేయవలసిన పని లేదు. అలా జరిగిన సందర్భాలను మాత్రం రాసుకోండి, ఎందుకంటే దాని వల్ల రెండు జట్ల మధ్య తేడా అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది.

పిల్లల పేర్లు, ఫొటోలు నివేదికలో వద్దు. చిన్న ఊళ్లలో పేరు తీసేసినా "తండ్రి లేని, బ్యారన్ పనికి వెళ్లే తొమ్మిదో తరగతి అబ్బాయి" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి అలాంటి వర్ణనలు కూడా రాయకండి. పేర్లనూ సంకేత సంఖ్యలనూ కలిపి చూపే కాగితాన్ని పట్టికతో పాటు ఉంచకుండా, వేరేచోట తాళం వేసి, ఒక్కరి బాధ్యతలో ఉంచండి. వేచి ఉన్న జట్టుకు ఆగస్టులో మెంటర్లను ఇచ్చే రోజున ఆ కాగితం అవసరమవుతుంది.